టెన్త్ పరీక్షలకు లీవ్ అడిగితే "మార్చిలోనా?" అంటున్నారు

హసన్‌పర్తి అమ్మ: హన్మకొండలో గవర్నమెంట్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. బాబుకు టెన్త్, సెంటర్ కాజీపేటలో పడ్డది. మా ఆయనకు గోదావరిఖనిలో షిఫ్ట్ డ్యూటీ. చైల్డ్ కేర్ లీవ్ 15 రోజులు అడిగితే సార్ "మార్చి బిల్లులు అయినంక చూద్దాం" అన్నారు. ఇవ్వకుండా ఉండొచ్చా?

పాత సూపరింటెండెంట్: ఉండొచ్చమ్మా. 2016 జీవో 209 ప్రకారం మహిళా ఉద్యోగులకు సర్వీసు మొత్తంలో 90 రోజులు, ఒక్కసారికి 15కు మించకుండా. పరీక్షల అవసరమూ అందులో ఉంది. కానీ హక్కుగా అడిగే లీవ్ కాదు, మంజూరు కాకముందే ఇంట్లో కూర్చుంటే ఇబ్బంది మీకే. ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా అడగండి.

బస్టాండ్ రవి: 730 రోజులు కదా?

పాత సూపరింటెండెంట్: అది సెంట్రల్ వాళ్లకు.

మార్చి బాధితుడు: మార్చి 31 లోపు బిల్లు ట్రెజరీకి పోకపోతే బడ్జెట్ ల్యాప్స్. ఆమె సీటు పని ఎవరు చేయాలి? పదో తరగతి పిల్లోడికి పక్కన మనిషి ఉండాలా? మేం బస్సెక్కి పోయి రాసినం.

హసన్‌పర్తి అమ్మ: మీ రోజులు వేరు సార్. తొమ్మిదిన్నరకు పేపర్, ఆలస్యమైతే లోపలికి రానివ్వరని వాడికి టెన్షన్.

పరకాల నాన్న: నాకూ ఆడపిల్ల టెన్త్. మగాణ్ని కాబట్టి ఈ లీవ్ లేదు, ఈఎల్ పెట్టుకున్న. తండ్రికి పిల్లలు ఉండరా?

మార్చి బాధితుడు: అది వేరే గొడవ. పని సంగతి చెప్పండి.

పాత సూపరింటెండెంట్: పేపర్ల మధ్య ఖాళీలు ఉంటాయి, 15 రోజులూ ఒక్కసారే ఎందుకు? మొదటి పేపర్ ముందు వారానికి చైల్డ్ కేర్ లీవ్ అడగండి. తర్వాత పేపర్ ఉన్న రోజు పొద్దున దించి, ఆ పూటకు సగం రోజు సీఎల్ పెట్టి, మధ్యాహ్నం సీటులో కూర్చోండి. ఏ బిల్లులు ముందే పంపుతారో, మిగతావి ఎవరికి అప్పగిస్తారో దరఖాస్తుకు జత చేయండి. సార్‌కు కాదనడం కష్టమవుతుంది.

మార్చి బాధితుడు: ఆమె ఆఫీసులో ఆ "ఎవరికి" అన్నది నేనే! పిల్లలు లేరని ప్రతి మార్చి నా మీదే. అమ్మకు ఆపరేషన్ అయితే నేను అడిగింది రెండే రోజులు, "ఇయర్ ఎండింగ్" అన్నారు. అప్పుడు ఏ జీవో గుర్తుకు రాలేదు.

హసన్‌పర్తి అమ్మ: దానికి నా కొడుకేం చేసిండు సార్?

మార్చి బాధితుడు: మీ కొడుకును అనట్లే. లీవ్ ఆమెకు, పని నాకు అన్న పద్ధతినే అంటున్న. సార్ నాకు పనైనా తగ్గించాలి, ఆ సీటుకు ఇంకొకరినైనా ఇవ్వాలి.

బస్టాండ్ రవి: అయితే ఇద్దరూ కలిసి సార్ దగ్గరికే పోండి.

మార్చి బాధితుడు: ఆమె వస్తదా అడగండి.

హసన్‌పర్తి అమ్మ: దరఖాస్తు తిరగరాస్తున్న. మీ పేరు రాయాలా వద్దా, సోమవారం లోపు చెప్పండి.