అప్‌డేట్: పద్యం రెండుసార్లు చదివాను

అప్పుడు నేను అడిగింది: "పద్యం బాగుందని తెలుస్తుంది, ఎందుకు బాగుందో చెప్పలేను. మార్జిన్‌లో ఏం రాసుకోవాలి?"

విజయవాడ లెనిన్ సెంటర్‌లో కొన్న పాత వేమన పుస్తకంలో "ఉప్పు కప్పురంబు" పద్యంతో మొదలుపెట్టాను. మొదటిసారి పెన్సిల్ ముట్టుకోకుండా పైకి చదివాను. చివర్లో ఒక్క మాటే రాశాను: "చురుక్కుమంది".

రెండోసారి, ఎక్కడ చురుక్కుమందో వెతికాను. "చూడ చూడ రుచుల జాడ వేరు" అన్న పాదం దగ్గర ఆగాను. చూపుతో రుచి ఎలా తెలుస్తుంది? అక్కడ ప్రశ్న గుర్తు పెట్టి "కన్ను, నాలుక" అని రాశాను. ఉప్పూ కర్పూరం రెండూ తెల్లగానే ఉంటాయి, కంటికి దొరకని తేడా నాలుకకి దొరుకుతుంది. తర్వాతి పాదంలో "పుణ్యపురుషులు వేరయా" అని అదే "వేరు" మళ్లీ వస్తుంది, ఈసారి మనుషుల గురించి. రెండు "వేరు"లనీ గీతతో కలిపాను. నాకు చురుక్కుమంది ఇక్కడే.

చూడ, జాడ అని చెవికి తగిలినచోట కూడా గీశాను. అది ప్రాసయతి అని మా పెద్దమ్మ చెప్పింది. పేరు తెలియకముందే వినపడింది, అది నాకు ముచ్చటేసింది.

ఒక పొరపాటు మాత్రం చేశాను. ఇంకో పద్యానికి మార్జిన్ నిండా భావం ఎక్కించేశాను. మర్నాడు చూస్తే పుస్తకం వెనక ఉన్న తాత్పర్యమే, నేను గమనించింది ఒక్కటీ లేదు. అదంతా చెరిపేశాను. ఇప్పుడు పద్యానికి మూడు గుర్తులు దాటడం లేదు.