గురువులు పెంచితే పద్యం నెమ్మదిస్తుందా?

పద్యాభిలాషి: ఒక వృద్ధురాలు మేడ మెట్లెక్కే దృశ్యాన్ని తేటగీతిలో రాస్తున్నాను. నడక నిదానంగా వినిపించాలని గురువులు బాగా వాడి "మెట్ల నెక్కెను ముసలమ్మ మెల్ల మెల్ల" అని మొదటి పాదం కట్టాను. విన్న మిత్రులు పాదం పరుగెత్తుతోందంటున్నారు. గురువులు పెడితే పద్యం నెమ్మదించదా?

సాహితీవనం: తప్పకుండా నెమ్మదిస్తుంది. లఘువు వేగానికి, గురువు నిదానానికి అన్నది మనవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్న మాటే. శార్దూలం మూడు గురువులతో మొదలవుతుంది కనుకనే దానికి ఆ బరువు వచ్చింది. మీరు ఇంద్రగణాలుగా భగణాన్ని, సలాన్ని తీసుకున్నారు. వాటి స్థానంలో రెండేసి గురువులుండే రగణమో తగణమో వేస్తే పాదం తనంతట తానే మందగిస్తుంది.

ఛందస్సాధకుడు: గురువులన్నీ ఒకే రకమైనవి కావు గనుక సాహితీవనం గారి సలహా సగమే పనిచేస్తుందని నా అభిప్రాయం. ఈ పాదంలోని అయిదు గురువులనూ విడివిడిగా పలికి చూడండి: "మెట్ల"లో మె, "నెక్కెను"లో నె, "ముసలమ్మ"లో ల, రెండు "మెల్ల"లలో మె. వీటిలో ఒక్కటీ దీర్ఘం కాదు. తర్వాతి ద్విత్వమో సంయుక్తమో వచ్చి తగలడం వల్ల గురువైన హ్రస్వాలే అన్నీ. అలాంటి చోట నాలుక ఒక్క క్షణం బిగిసి, వెంటనే విడిపోయి, ఆ ఊపుతో ముందుకు దూకుతుంది. అందుకే "మెల్ల మెల్ల" అని అర్థం చెబుతున్నా చెవికి గంతులే వినబడుతున్నాయి.

గణాలు ఏమాత్రం మార్చకుండా దీన్నే మరోలా కట్టి చూద్దాం: "మేడ మీదికి ముసలామె మేను వాల". గలము, భగణం, సలము, గలము, గలము. అవే 13 అక్షరాలు, అవే 18 మాత్రలు, యతి కూడా అక్కడే ఉంది. కానీ మే, మీ, లా, మే, వా అన్నీ దీర్ఘాచ్చులు కావడంతో గొంతు ప్రతి గురువు మీదా సాగుతుంది. కాగితం మీద లెక్క ఒక్కటే అయినా నోటికి రెండు పాదాలూ వేరు.

రంగస్థలాభిమాని: మా నాన్నగారు పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడేవారు. ఆయన పాదం చివర లఘువు వచ్చినా రాగం తీసి, ఊపిరి ఉన్నంతసేపూ నిలిపేవారు. వేగమనేది పాడేవారి చేతిలో ఉంటుంది గాని గణాల్లో ఏముంటుందండీ?

ఛందస్సాధకుడు: రాగం తీసే పద్ధతిలో మీరన్నది నిజమే, అక్కడ ఆలాపన మాత్రలను మింగేస్తుంది. పద్యాభిలాషి గారు అడిగినది రాగం లేకుండా చదువుకునే పద్యం గురించి అనుకుంటున్నాను. అయినా దీర్ఘం మీద సాగదీసినంత సుఖంగా "మెట్ల"లోని మె మీద ఏ గాయకుడూ సాగదీయలేడు.

పాతపుస్తకాలు: మరి పోతన గజేంద్రమోక్షంలోని "అడిగెద నని కడువడి జను" పద్యం సంగతేమిటి? అది సర్వలఘు కందం. 2వ, 4వ పాదాల చివరి గురువులు తప్ప అంతా లఘువులే. మీ సూత్రాల ప్రకారం పరుగెత్తవలసినది, అక్కడ లక్ష్మీదేవి అడుగడుగునా ఆగిపోతోంది.

ఛందస్సాధకుడు: ఈ చర్చకు అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఏ కందమైనా 64 మాత్రలే. గురువులు నిండుగా కూరిస్తే ఆ మాత్రలు 34 అక్షరాల్లో ఇమిడిపోతాయి, పోతన పద్యంలో 62 అక్షరాలున్నాయి. అంటే ఒకే వ్యవధిలో నాలుక చేయవలసిన పని దాదాపు రెట్టింపు. ఆ పని తేలికైనదైతే పద్యం జారిపోతుంది. ఇక్కడ డకారం మళ్లీ మళ్లీ వచ్చి నాలుకను మడతపెడుతుంది, పైగా "అడుగిడు నడుగిడదు" అని ఒక అడుగు వేసిన వెంటనే వాక్యమే దాన్ని వెనక్కు తీసుకుంటుంది. "కడువడి" బయలుదేరిన తొందర లఘువుల్లో, తడబాటు హల్లులో, వాక్యంలో ఉన్నాయి. ఆమె నిదానంగా నడవడం లేదు, తొందరలోనే తటపటాయిస్తోంది. ఆ రెంటినీ ఒకేసారి వినిపించడం గురువులతో సాధ్యమయ్యేది కాదని నా నమ్మకం.

పాతపుస్తకాలు: హల్లుకు మీరు మరీ ఎక్కువ పెత్తనం ఇస్తున్నారనిపిస్తోంది. అర్థం తెలియనివారికి చదివి వినిపిస్తే అది వట్టి వేగంగానే తోచవచ్చు.

పద్యాభిలాషి: దీర్ఘాల తేడా వినబడింది. అయితే మీ పాదంలో మెట్లే లేకుండా పోయాయి. ముసలివారు ఎక్కేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా ఆగుతారు, ఆ ఆగడం ద్విత్వంలోనే ఉందేమో. అందుకని ఇలా మార్చాను: "మేడ మెట్లపై ముసలామె మేను వాల".

సాహితీవనం: చూశారా, నేను చెప్పిన రగణమే వచ్చింది! ఒక మాత్ర పెరిగింది కూడా.

ఛందస్సాధకుడు: వచ్చింది, ఒప్పుకుంటాను. సాగే దీర్ఘాల మధ్య "మెట్ల" ఒక్కటే అడ్డుతగలడం వల్ల ఆ ఒక్క మెట్టూ వినబడుతోంది, నా పాదం కన్నా ఇది మేలు. క్రియ రెండో పాదానికి జరిగింది కాబట్టి మిగిలిన సంగతి అక్కడ తేలాలి. అది "నెక్కె" అని మొదలైతే మళ్లీ గంతు వస్తుందేమోనని నా అనుమానం. రెండో పాదం కూడా ఇక్కడ పెట్టండి, చదివి చూద్దాం.