నీట్ పోయిన మేనల్లుడికి ఉత్తరం, ఏం రాయమంటారు?

మలక్‌పేట అత్త: మా అన్నయ్య కొడుక్కి నీట్‌లో 394 వచ్చాయి, సీటు రాలేదు. ఫోన్ ఎత్తడం లేదు, అందుకే ఉత్తరం రాస్తున్నా. వాడి చెల్లెలు మార్కుల వివరం పంపింది. బయాలజీ 78 రైటు, 8 తప్పు. కెమిస్ట్రీ 22 రైటు, 13 తప్పు. ఫిజిక్స్ 9 రైటు, 21 తప్పు. మిగతావి వదిలేశాడు. అన్నయ్య మళ్లీ లాంగ్ టర్మ్‌లో వేస్తానంటున్నాడు. నేనేం రాయాలి?

కూకట్‌పల్లి నాన్న: నెగెటివ్ మార్కులే కొంప ముంచాయి. తెలియనివి వదిలేయమని రాయండి, చాలు.

ఫిజిక్స్ మాస్టారు: అది సగమే నిజమండీ. ఆ 21 వదిలేసినా పెరిగేది 21 మార్కులే. అసలు సంగతి వేరే. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని 30 పెట్టినా ఏడో ఎనిమిదో తగులుతాయి. ఇతనికి 9 తగిలాయి. అంటే ఫిజిక్స్ రాలేదు, అంతే. బయాలజీ దాదాపు నిండింది, మళ్లీ ఏడాదంతా అదే చదివితే మహా అయితే ముప్పై, నలభై కలుస్తాయి. ఫిజిక్స్‌లో 25 రైటు, 10 తప్పు తెచ్చుకుంటే ఇప్పుడున్న 15 కాస్తా 90 అవుతుంది. ఫస్టియర్ మెకానిక్స్ నుంచి మొదలుపెట్టాలి. ఓఎంఆర్ కాపీ, ఆన్సర్ కీ పక్కన పెట్టుకుని, ప్రతి తప్పు ఎదుట 'గుడ్డిగా పెట్టా', 'సూత్రం తెలుసు, లెక్క తప్పింది' అని రాయమనండి. గుడ్డివే ఎక్కువైతే మాక్ టెస్టులు దండగ.

వనస్థలిపురం అమ్మ: మా అమ్మాయి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో బ్రాంచి మార్చుకుంది, ఇతనూ మార్చుకోవచ్చుగా?

మలక్‌పేట అత్త: వాడిది బైపీసీ అండీ. ఎప్‌సెట్ కూడా రాశాడు. అగ్రికల్చర్ బీఎస్సీకో బీఫార్మసీకో చూడమననా?

పేరు వద్దు: చూడమనండి, కానీ చేరేముందు సీటు వదులుకుంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎలా ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోమనండి. నేను బీఫార్మసీలో చేరి నీట్ చదువుదామనుకున్నా. మధ్యలో మానేస్తానంటే మొత్తం కోర్సు ఫీజు అడిగారు. రెండూ సాగలేదు.

ఫిజిక్స్ మాస్టారు: కౌన్సెలింగ్ తేదీలు మాత్రం వదలొద్దు. ఏడాది తర్వాత ఆ ర్యాంకు పనికిరాదు.

మలక్‌పేట అత్త: ఇలా మార్చాను. "ఒరేయ్ చిన్నా, నాన్నని ఫీజు ఇప్పుడే కట్టనివ్వకు. ఆదివారం మలక్‌పేట రా, నీ ఓఎంఆర్ పట్టుకురా. తప్పు పోయిన 21 ఫిజిక్స్ ప్రశ్నలు ఇద్దరం చూద్దాం. ఒక్క మెకానిక్స్ చాప్టరు పది రోజులు చదివి చూడు. పట్టు దొరికితే లాంగ్ టర్మ్‌కి నాన్నతో నేనే మాట్లాడతా. లేదంటే ఎప్‌సెట్ ఆప్షన్లు కలిసి పెడదాం. పప్పుచారు చేస్తా, మార్కుల మాట భోజనమయ్యాకే."

కూకట్‌పల్లి నాన్న: పది రోజులు సరిపోతాయంటారా? మావాడికి నెల పట్టింది.

మలక్‌పేట అత్త: ఏమో, కౌన్సెలింగ్ అంతకన్నా ఆగదుగా.