టీబీ మాత్రలు, బీహార్ కుర్రాడు: హిందీలో తేలికగా ఎలా చెప్పాలి?

పీహెచ్‌సీ_డాక్టరమ్మ
మిర్యాలగూడ వైపు పీహెచ్‌సీలో పనిచేస్తున్నాను. రైస్ మిల్లులో బస్తాలు మోసే బీహార్ కుర్రాడికి టీబీ. బరువు 46 కిలోలు కాబట్టి రోజుకు మూడు మాత్రలు. 28 రోజులకు 84 ఇచ్చి, నాకొచ్చిన హిందీలో "రోజ్ తీన్ గోలీ" అన్నాను. తల ఊపాడు. 14వ రోజు వచ్చాడు. మిగిలిన మాత్రలు లెక్కపెడితే 42, సరిగ్గా సరిపోయాయి. అయినా ఎందుకో "కైసే ఖాతే హో, దిఖాఓ" అని అడిగాను. ఒకటి తీసి పొద్దున అన్నాడు, ఇంకోటి తీసి మధ్యాహ్నం, మూడోది రాత్రి. మూడూ ఒకేసారి వేసుకోవాల్సినవి, నాకు గుండె ఆగినంత పనయింది. మాత్రలు వేసుకోవడం గురించి, మళ్లీ ఫలానా రోజు రమ్మనడం గురించి తప్పు అర్థం రాని చిన్న మాటలు కావాలి. దయచేసి చెప్పండి.

పాతబస్తీ_వాసి
డాక్టర్ గారూ, హిందీ ఎందుకంత కష్టం? మేం పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్నాం. "తీన్ గోలియా ఏక్‌దమ్ ఖాలో, పర్సోం ఆజావ్" అనండి, అయిపోతుంది.

గయా_కోడలు
అన్నా, ఆ "పర్సోం" మాత్రం వద్దు. మా అత్తగారిల్లు గయ దగ్గర. అక్కడ పర్సోం అంటే ఎల్లుండి, లేదా మొన్న. హైదరాబాద్‌లో "పర్సోం ఆయా థా" అంటే పది రోజుల క్రితం అయినా అవుతుంది. "కల్" కూడా అంతే, నిన్నా అదే, రేపూ అదే. డాక్టర్ దగ్గర ఆ రెండు మాటలూ అసలు రాకూడదు. తారీఖు, వారం, రెండూ చెప్పాలి.

పాతబస్తీ_వాసి
మా భాషను తప్పు అంటున్నారా? దక్కనీ వందల ఏళ్ల భాష.

గయా_కోడలు
తప్పు అనలేదు. బీహార్ నుంచి నిన్న రైలు దిగిన కుర్రాడికి "నక్కో", "కైకు" అర్థం కావు అంటున్నాను. నేను పెళ్లయిన కొత్తలో అక్కడ వద్దని చెప్పడానికి "నక్కో" అంటే అత్తగారు నా ముఖం చూసి ఊరుకుంది, వడ్డిస్తూనే ఉంది.

నల్గొండ_రైతుబిడ్డ
ఇక్కడికి వచ్చి బతుకుతున్నారు కదా, వాళ్లే నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకోవచ్చుగా. మన డాక్టర్లు ఎందుకు కష్టపడాలి?

పీహెచ్‌సీ_డాక్టరమ్మ
సోదరా, అతను తెలుగు నేర్చుకునేదాకా ఆ క్రిములు ఆగవు. మిల్లులో ఒకే గదిలో పదకొండు మంది పడుకుంటారు. వాళ్లలో మన ఊరివాళ్లూ ఉన్నారు. ఈ మాట ఇక్కడితో వదిలేద్దాం.

టీబీ_సూపర్‌వైజర్
పదిహేనేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, కాబట్టి గట్టిగా చెబుతున్నాను. తప్పు మీ హిందీ వ్యాకరణంలో లేదు మేడమ్, ఆ "తీన్"లో ఉంది. జ్వరం మాత్రలు, యాంటీబయాటిక్‌లు అన్నీ మూడు పూటలు వేసుకున్న అలవాటు వాళ్లకు. తీన్ గోలీ అనగానే మూడు పూటలే గుర్తొస్తాయి. మాత్రల లెక్క మాత్రం తేడా రాదు, మీరే చూశారు కదా. రోజంతా విడగొట్టి వేసుకుంటే ఆ మాత్రల్లోని రిఫాంపిసిన్ అనే మందు రక్తంలో చేరాల్సినంత మోతాదుకు చేరదు. అందుకే నేను మూడు మాత్రలనూ అరచేతిలో పెట్టి, గ్లాసు నీళ్లు చేతికిచ్చి "తీనోం ఏక్ సాథ్, ఏక్ హీ బార్, సుబహ్" అంటాను. నా ముందే వేసుకోవాలి. అప్పుడు ఇంకో మాట: "అచ్ఛా లగే తబ్ భీ బంద్ నహీం కర్నా." నెలకే దగ్గు తగ్గి, ఆకలి వేసి, బాగైపోయాననుకుని మానేసేవాళ్లే ఎక్కువ.

మెడికల్_షాపు_నుంచి
మూత్రం ఎర్రగా వస్తుందని కూడా ముందే చెప్పండి. మా షాపుకు ఒకతను రక్తం పడుతోందని ఏడుస్తూ వచ్చాడు, మూడు రోజులుగా మందు ఆపేశాడట. "పేశాబ్ లాల్ ఆయేగా, డర్నా నహీం" అంటే చాలు. ఇంకోటి, పరగడుపునే వేసుకోవాలి, తిండి తిన్నాక వేసుకుంటే పనిచేయదు.

టీబీ_సూపర్‌వైజర్
పరగడుపున మంచిదే. తిన్నాక వేసుకుంటే పనిచేయదు అనేది మాత్రం సరికాదు బ్రదర్. ఆరింటికే పనిలోకి వెళ్లే మనిషికి "ఖాలీ పేట్" అని పట్టుబడితే వాంతి చేసుకుని రెండో వారానికే వదిలేస్తాడు. వికారం ఉంటే రెండు బిస్కెట్లతో వేసుకోమనండి. మానేయడం కంటే అదే నయం.

మెడికల్_షాపు_నుంచి
నేనూ ఫార్మసీ చదివే వచ్చాను. చదివిందే చెప్పాను.

కంపెనీ_హెచ్ఆర్
మేస్త్రిని పిలిచి అతనితో చెప్పించొచ్చు కదా? ఇంత చర్చ ఎందుకు?

పెద్దపల్లి_నర్సు
ఆ పని మాత్రం చేయకండి. నేను ఒకసారి చేసి ఇప్పటికీ బాధపడుతున్నాను. మేస్త్రి ముందు టీబీ అని చెప్పాం, మూడో రోజుకే మనిషిని లెక్క చూసి పంపేశారు. ఎక్కడికి వెళ్లాడో తెలియలేదు, మందూ ఆగిపోయే ఉంటుంది. మా వైపు ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి, బలంగీర్ వైపు నుంచి వస్తారు. వాళ్లలో చాలామంది ఆడవాళ్లకు హిందీ కూడా రాదు. హిందీలో చెప్పేశాం, పని అయిపోయింది అనుకుంటాం. ముందు "కౌన్ సీ బోలీ?" అని అడగాలి.

గయా_కోడలు
కాగితం మీద రాసివ్వడం కన్నా వాళ్ల ఫోన్‌లోనే మీ గొంతు రికార్డు చేసివ్వండి. చదువు రాకపోయినా వింటారు. ఒక జాగ్రత్త. మాత్రల ఖాళీ స్ట్రిప్ తెమ్మనడానికి "పత్తా" అని ఒత్తి పలకాలి. "పతా" అంటే అడ్రసు అనుకుంటారు.

మెడికల్_షాపు_నుంచి
కళ్లు పచ్చబడితే మందు ఆపమని చెప్పాలా వద్దా? ఆపమంటే అదే సాకుగా ఆపేస్తారు.

టీబీ_సూపర్‌వైజర్
కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా, వాంతులు ఆగకపోయినా ఆపి అదే రోజు రావాల్సిందే. "దవా రోక్ కే ఉసీ దిన్ ఆనా." "ఉసీ దిన్" అనేది వదలకండి.

మెడికల్_షాపు_నుంచి
నేనైతే "ముందు రా" అనే చెబుతాను. ఆపడం డాక్టరే చెప్పాలి.

పీహెచ్‌సీ_డాక్టరమ్మ
అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు ఆ కుర్రాడిని పిలిపించాను. మూడు మాత్రలూ అరచేతిలో పెట్టాను, ఒకే గుక్కలో వేసుకున్నాడు. తర్వాత "అబ్ ఆప్ బతాఓ, కైసే ఖానా హై?" అని అడిగితే "సుబహ్, తీనోం ఏక్ సాథ్" అన్నాడు. క్యాలెండర్ మీద తారీఖుకు సున్నా చుట్టి "సోమ్‌వార్, నౌ బజే, పత్తా లానా" అని అతని ఫోన్‌లో రికార్డు చేశాను. విని ఒకసారి తిరిగి చెప్పాడు కూడా. ఒక్కటే టెన్షన్. దీపావళి తర్వాత ఛఠ్‌కు ఊరు వెళ్తాడట, ఎన్నాళ్లో తెలియదంటున్నాడు.

టీబీ_సూపర్‌వైజర్
వెళ్లేముందు కనపడమనండి. 28 రోజుల మందు చేతికిచ్చి, టీబీ రోగుల ఆన్‌లైన్ రికార్డు నిక్షయ్‌లో అతని ఊరి ఆసుపత్రికి బదిలీ పెట్టండి. అతని నిక్షయ్ నంబరు దేశమంతా ఒకటే, కార్డు మీద పెద్ద అక్షరాల్లో రాసివ్వండి. టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666 కూడా రాయండి, ఉచితం.

పాతబస్తీ_వాసి
"జానే సే పహ్లే మిల్నా" అనండి డాక్టర్ గారూ. ఇది గయలో కూడా అర్థమవుతుంది కదమ్మా?

గయా_కోడలు
అవుతుంది అన్నా. ఛఠ్ పేరు కూడా కలపండి: "ఛఠ్ మేం జానే సే పహ్లే."