పంటికి చీము పట్టింది, డాక్టర్ యాంటీబయాటిక్ రాయలేదు, ఇది కరెక్టేనా?

మురకంబట్టు పాప:
మా తమ్ముడికి కింద కుడిపక్క దవడ పన్ను పుచ్చిపోయి చిగురు మీద బుడిపె మాదిరి వాచింది, రెండు రాత్రులు నిద్ర లేదు. నిన్న చిత్తూరులో చూపిస్తే పన్ను ఓపెన్ చేసి చీము తీసేసి నొప్పి మాత్రలు మాత్రం రాసిచ్చినారు, యాంటీబయాటిక్ వద్దన్నారు. మెడికల్ షాపాయన ఏమో చీముంటే యాంటీబయాటిక్ లేకుండా ఎట్లమ్మా, తలకెక్కుతాది అంటాడు. వేసుకోవాల్నా వద్దా? తమ్ముడికి 29, షుగరు గిగరు ఏమీ లేవు.

మెడికల్స్ మునెన్న:
నేను పద్దెనిమిదేళ్లుగా కౌంటర్లో ఉండాను పాపా, పంటి నొప్పని వచ్చినోళ్లకి అమాక్సిసిలిన్ క్లావులనేట్ కలిసిన 625 ఐదు రోజులు, దాంతో పాటు మెట్రోనిడజోల్ ఇస్తే మూడో రోజుకి నొప్పి పోతాది, మళ్లీ వచ్చి తిట్టినోడు లేడు. చీము అంటేనే క్రిములు, క్రిములకి మందు యాంటీబయాటిక్కే కదా. ఇంకోటి, మొదలుపెడితే ఐదు రోజులూ మింగాల్సిందే, మధ్యలో ఆపితే క్రిములు మందుకి అలవాటు పడతాయి. పంటి వాపు గొంతు కిందికి దిగి ఊపిరాడక చనిపోయినోళ్లు కూడా ఉండారు, అది మాత్రం ఎవరూ కాదనలేరు.

పాకాల జంక్షన్:
మాత్రలు రాయకపోతే మళ్లీ మళ్లీ రప్పించుకోవచ్చు కదా, రూట్ కెనాల్ పేరుతో నాలుగు సిట్టింగులు. అంతే మేటర్.

దవడ డాక్టర్ తిరుపతి:
మునెన్నా, గొంతు కిందికి దిగేది నిజమే, వారానికో కేసు చూస్తాను. మిగిలింది మాత్రం అట్ల కాదు.

పంటి లోపల నరం బతికుండి వాచినప్పుడు చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటాది, రాత్రి పడుకుంటే ఇంకా జాస్తి అవుతాది. ఆ దశలో యాంటీబయాటిక్ ఇచ్చినా ఇవ్వకపోయినా నొప్పిలో తేడా ఉండదు, పెన్సిలిన్ ఇచ్చి చూసినారు, మామూలు నొప్పి మాత్ర వేసుకున్నోళ్లకీ వీళ్లకీ ఒకటే. మరి నీ కౌంటర్లో మూడో రోజుకి ఎట్ల తగ్గతాది అంటే, నరం చచ్చిపోతాది. చచ్చిన నరానికి నొప్పి తెలీదు, పేషెంటు మాత్ర పని చేసిందనుకుంటాడు, నిన్ను ఎందుకు తిడతాడు. కొన్ని నెలల తర్వాత అదే పన్ను కింద చీముతో మా దగ్గరికి వస్తాడు.

ఈ తమ్ముడిది ఆ రెండో దశ. నరం చచ్చింది, లోపల కుళ్లింది, వేరు కొన దాటి చీము బయటికి వచ్చి చిగురు కింద సంచి కట్టింది. మాత్ర పోయేది రక్తంలో. చచ్చిన నరంలో రక్తనాళమే లేదు, చీము సంచి నడిమధ్యకీ రక్తం సరిగా పోదు, ఇంక మందు యాడికి పోతాది? పన్ను ఓపెన్ చేసి చీము వదిలేసి లోపలి కుళ్లు కడిగేస్తే మిగిలింది ఒళ్లే చూసుకుంటాది. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన గైడ్‌లైన్ కూడా ఇదే, ఆరోగ్యంగా ఉన్న పెద్దోళ్లకి జ్వరం లేక, వాపు ఒక్క చోటే ఉండి, పంటికి ట్రీట్‌మెంట్ అయిపోతే యాంటీబయాటిక్ వద్దు.

అమ్మా, ఇప్పుడు మీరు చెప్పండి. జ్వరం ఉందా? నోరు తెరిస్తే పై పళ్లకీ కింద పళ్లకీ మధ్యలో తన మూడు వేళ్లు నిలువుగా పడతాయా? మింగితే ఇబ్బందా? వాపు చిగురు మీదనే ఉందా, దవడ ఎముక కిందికి కూడా వచ్చిందా? నాలుక కింద మెత్తగా ఉందా గట్టిగా లేచినట్టు ఉందా?

మురకంబట్టు పాప:
జ్వరం లేదు సార్. మూడు వేళ్లు పడతాయి అంట, నొప్పిగా ఉంది కానీ పడినాయి. అన్నం మింగుతాడు. నిన్నటి కంటే బుడిపె సగం తగ్గింది, కానీ బుగ్గ బయటనుంచి చూస్తే కొంచెం ఉబ్బినట్టే ఉంది, అదే భయం. ఐబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 500 రెండూ కలిపి తిన్నాక రోజుకి మూడు సార్లు వేసుకోమన్నారు.

దవడ డాక్టర్ తిరుపతి:
అయితే మీ డాక్టర్ చేసింది సరిగానే ఉంది. బుగ్గ ఉబ్బు మెత్తగా ఉండి, చేతికి వేడి తెలీకపోతే అది చీము కాదు, పక్కన చేరిన నీరు, రెండు మూడు రోజులు ఉంటాది. చూడాల్సింది అది తగ్గే దారిలో ఉందా పెరిగే దారిలో ఉందా అని. రేపటికి గట్టిపడినా, కంటి వైపో మెడ వైపో పాకినా, వేళ్లు మూడు నుంచి రెండుకి వచ్చినా ఆరోజే పోండి, ఫోన్లో అడగొద్దు. ఆ నొప్పి మాత్రల జోడీ మంచిదే, కానీ కడుపులో పుండు, కిడ్నీ తేడా ఉన్నోళ్లకి ఐబుప్రొఫెన్ ఇవ్వకూడదు.

పుంగనూరు పళ్లడాక్టరమ్మ:
సార్ చెప్పేది చదవడానికి బాగుంది, తిరుపతిలో కూర్చుని చెప్పడానికి ఇంకా బాగుంది. అదే గైడ్‌లైన్‌లో వెంటనే ట్రీట్‌మెంట్ దొరికితే అని కూడా ఉంది కదా. దొరక్కపోతే ఇట్లాంటి చీము గడ్డకి అమాక్సిసిలిన్ 500 రోజుకి మూడు సార్లు మూడు నుంచి ఏడు రోజులు ఇవ్వమనే ఉంది. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కడో పల్లెలనుంచి మధ్యాహ్నం బస్సులో వచ్చి నాలుగు గంటల బస్సుకి పోవాల, మామిడికాయల సీజన్ అయితే మళ్లీ పదిహేను రోజులకి గానీ రారు. పన్ను ఓపెన్ చేస్తే అందరికీ చీము బయటికి రాదు కూడా, ఒక్కోసారి ఒక్క చుక్క వస్తాది, మిగతాది ఎముకలోనే ఉంటాది. ఆ మనిషికి ఏమీ రాయకుండా పంపి రాత్రి వాపు పెరిగితే నన్నే అంటారు. మూడు రోజులు అమాక్సిసిలిన్ రాసి పంపిస్తాను, తప్పంటే అనుకోండి.

దవడ డాక్టర్ తిరుపతి:
తప్పని అనను డాక్టర్. చీము రాలేదు, వాపు చెక్క మాదిరి గట్టిగా ఉంది అంటే నేనూ రాస్తాను, ఎందుకంటే గట్టి వాపంటే ఇంకా గడ్డ కట్టకుండా కండలో పాకుతా ఉందని. షుగరు కంట్రోల్లో లేనివాళ్లకి, కీమో నడిచేవాళ్లకి కూడా అంతే. నేను గొడవ పడేది వేరే, పన్ను తెరవకుండా మాత్ర రాసి పంపేదానితో. తెరిచి చీము చక్కగా వచ్చినోడికి కూడా భయానికి రాసేదానితో. చీటీ రాసిచ్చి, రెండు రోజుల్లో తగ్గకపోతేనే కొనుక్కోండి అని చెప్పి పంపితే సరిపోదా?

పుంగనూరు పళ్లడాక్టరమ్మ:
మా వాళ్ల చేతికి చీటీ ఇస్తే బస్టాండ్ దాటకముందే కొనేస్తారు సార్. మునెన్న లాంటివాళ్లు దాంట్లో లేనిది కూడా రెండు కలిపి ఇస్తారు.

మెడికల్స్ మునెన్న:
😄 మేడమ్ నన్నేనా. సరే, ఇవ్వాల్సి వచ్చినప్పుడు 625 ఎందుకు వద్దు? పవర్ జాస్తి కదా. కొందరు డాక్టర్లే ఆఫ్లాక్సాసిన్ ఆర్నిడజోల్ కాంబినేషన్ రాస్తారు పంటికి, నేను కనిపెట్టింది కాదు.

దవడ డాక్టర్ తిరుపతి:
పవర్ అని ఒకటి ఉండదు మునెన్నా, ఏ క్రిమికి ఏది అనేదే. పంటి చీములో మొదట ఉండేవి నోట్లో ఉండే స్ట్రెప్టోకాకస్ రకాలు, వాటికి ఉత్త అమాక్సిసిలిన్ చాలు. 625లో జోడించిన క్లావులనేట్ వల్ల పేషెంటుకి ఎక్కువగా మిగిలేది విరేచనాలు. మూడు రోజుల అమాక్సిసిలిన్‌కి లొంగకపోతే అప్పుడు 625కి మార్చడమో మెట్రోనిడజోల్ జోడించడమో చేస్తాము, దానికంటే ముందు చీము సరిగా పోయిందా, అసలు ఆ పన్నేనా కాదా అని మళ్లీ చూస్తాము. మెట్రోనిడజోల్ ఒక్కటే వేసుకునేవాళ్లు ఉండారు, అది గాలి లేని చోట బతికే క్రిములనే చంపుతాది, స్ట్రెప్టోకాకస్‌ని ముట్టదు. ఆఫ్లాక్సాసిన్ కాంబినేషన్ విరేచనాల మందుగా అలవాటైంది, స్ట్రెప్టోకాకస్ మీద అది బలహీనం, పంటికి ఎట్ల వచ్చిందో నాకైతే అర్థం కాదు. పెన్సిలిన్ పడనివాళ్ల కథ వేరే. దురద దద్దుర్లు లేకుండా ఒట్టి ఎర్ర మచ్చలు మాత్రమే వచ్చినోళ్లకి సెఫలెక్సిన్, దురద దద్దుర్లు లేచినోళ్లకి, ఊపిరాడనోళ్లకి, మొహం వాచినోళ్లకి అజిత్రోమైసిన్, అది కూడా చూసి ఇవ్వాల.

ఐదు రోజులు మింగితే గానీ ఆపకూడదు అనే మాట పంటికి పాతబడింది. చీము తీసేసినాక తగ్గిపోయి ఒక రోజు గడిస్తే ఆపేయొచ్చు, అందుకే మూడో రోజు ఫోన్ చేయమంటాము. పొడుగ్గా వాడే కొద్దీ మిగతా క్రిములకి మందు అలవాటయ్యేదే జాస్తి.

చంద్రగిరి కోట:
సార్ మీరంతా యాంటీబయాటిక్ వద్దంటా ఉండారు, మా నాయనకి గుండె వాల్వు మార్చినారు, పన్ను పీకించే ముందు యాంటీబయాటిక్ తప్పకుండా వేసుకోవాలని కార్డియాలజీలో చెప్పి పంపినారు. ఇప్పుడు మానేయాల్నా? ఇంట్లో మిగిలిన మెట్రోనిడజోల్ ఉంది, దవడ నొప్పని నిన్ననుంచి వేసుకుంటా ఉండాడు.

దవడ డాక్టర్ తిరుపతి:
అన్నా ఆగండి. మీ నాయన విషయం ఇక్కడ మాట్లాడే దానికి సంబంధం లేదు, మానకూడదు. వాల్వు మార్చినోళ్లకి పన్ను పీకే ముందు ఇచ్చేది పంటి చీము తగ్గడానికి కాదు, రక్తంలోకి పోయే క్రిములు కొత్త వాల్వు మీద కూర్చోకుండా. అమాక్సిసిలిన్ 2 గ్రాములు, అంటే 500వి నాలుగు ఒకేసారి, అరగంట నుంచి గంట ముందు, ఒక్కసారే. పెన్సిలిన్ పడకపోతే ముందే చెప్పండి.

నాకు భయం రెండోది. వాల్వు ఉన్నోళ్లు చానామంది రక్తం గట్టకుండా ఎసిట్రోమ్ వేసుకుంటారు. ఆయన కూడా వేసుకుంటే మెట్రోనిడజోల్ దాన్ని బాగా పెంచేస్తాది, రక్తం ఆగకుండా పోతాది. ఇప్పుడే ఆపేసి రేపు పొద్దున రక్తం ఎంతసేపటికి గడతాదో చూసే ఐఎన్ఆర్ టెస్టు చేయించండి, ఐబుప్రొఫెన్ కూడా ఇవ్వొద్దు, నొప్పికి పారాసిటమాల్ మాత్రమే. చిగుళ్లలో, మూత్రంలో రక్తం కనపడితే రేపు దాకా కూడా ఆగొద్దు. ఎసిట్రోమ్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

చంద్రగిరి కోట:
ఎసిట్రోమే సార్. చెప్పడానికి మేలైంది, ఇప్పుడే దాచిపెడతాను ఆ షీటు.

మెడికల్స్ మునెన్న:
ఇది నాకు తెలీదు సార్, రాసుకుంటా. కానీ మేడమ్ చెప్పినట్టు పల్లెటూరోళ్ల సంగతి మీరు ఇంకా తేల్చలేదు. రాత్రి ఎనిమిదింటికి దవడ పట్టుకుని వచ్చినోడికి నేను పొద్దున డాక్టర్ దగ్గరికి పో అని వట్టి చేతుల్తో పంపితే పక్క షాపుకి పోతాడు.

పుంగనూరు పళ్లడాక్టరమ్మ:
వట్టి చేతుల్తో ఎందుకు, నొప్పి మాత్ర ఇచ్చి పంపండి. నోరు తెరవలేకపోతేనో, మింగలేకపోతేనో, గొంతు కింద వాచి జ్వరం ఉంటేనో 108కి ఫోన్ కొట్టండి, మాత్రలు ఇచ్చి ఒక రాత్రి పోగొట్టొద్దు.

మురకంబట్టు పాప:
సార్, ఒకటే డౌటు. మూడో రోజు ఆదివారం పడతాది, క్లినిక్ ఉండదు. అప్పుడు వాపు పెరిగితే?

దవడ డాక్టర్ తిరుపతి:
చిత్తూరు గవర్నమెంట్ ఆస్పత్రి క్యాజువాల్టీకి పోండి, గొంతు కింద వాపైతే నేరుగా తిరుపతికి, రుయా గవర్నమెంట్ ఆస్పత్రికి వచ్చేయండి. వచ్చేటప్పుడు నిన్న తీసిన ఎక్స్‌రే పట్టుకు రండి. లోపల పెట్టిన టెంపరరీ సిమెంట్ ఊడిపోతే కంగారు పడొద్దు, సోమవారం పెట్టించుకోవచ్చు. రూట్ కెనాల్ పూర్తి చేయించకుండా నొప్పి పోయింది కదా అని వదిలేస్తే మాత్రం మళ్లీ ఇదే పన్నుతో ఇదే కథ.