పళ్ళికరణై చిత్తడిలో ఇదేం పక్షి? ఫోటో మసకగా ఉంది, తిట్టకండి

సౌజన్య: మూడు గంటలుగా కూర్చున్నాను, తేలట్లేదు. గోధుమ రంగు పక్షి, మెడ లేనట్టు ముడుచుకుని కూర్చుంది. ఎంత జూమ్ చేసినా మచ్చలు కనిపించట్లేదు. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

పాత కెమెరా: ఎన్నింటికి తీశారు? నీళ్ళలోనా, చెట్టు మీదా? పక్కన ఏముంది?

వేలచేరి బావ: ఇంకేం, చింతవక్క పిల్ల. మెడ లేకుండా ముడుచుకుందంటే అదే.

శ్రీను: మా బాల్కనీలో పావురాలు కూడా ఇలాగే ముడుచుకుంటాయండీ. వాటిని తరమడం ఎలాగో తెలుసా?

సౌజన్య: సాయంత్రం ఐదింటికి. బురద ఒడ్డున, గుర్రపుడెక్క పక్కన. వెనక ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ పడి ఉంది, నిటారుగానే.

రామలక్ష్మి: బావగారూ, గుడ్డికొంగ కూడా మెడ ముడుచుకునే కూర్చుంటుంది కదా. ముక్కు చూడండి. మసకలో మచ్చలు కలిసిపోతాయి, ముక్కు లావు కూడా ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది, కాబట్టి లావు వదిలేసి పొడవు కొలవండి. ఇందులో తలకంటే ముక్కే పొడుగు, కత్తిలా తిన్నగా ఉంది. చింతవక్క ముక్కు పొట్టిగా, మొద్దుగా ఉంటుంది, పై అంచు చివర కాస్త కిందికి వంగుతుంది. నాకైతే ఇది గుడ్డికొంగ.

వేలచేరి బావ: గుడ్డికొంగ 45 సెంటీమీటర్లు, క్యాన్ దాదాపు 50. మరి ఇది క్యాన్‌లో సగమే ఉందేం?

రామలక్ష్మి: ఆ 45 ముక్కు కొస నుంచి తోక కొస దాకా, చాపి కొలిచింది. ముడుచుకుంటే అంత ఎత్తు రాదు. చింతవక్క ఒళ్ళు 60 దాకా ఉంటుంది, ముడుచుకున్నా సగం క్యాన్‌కి కుదరదు. అయితే క్యాన్ పక్షికి వెనక ఎంత దూరంలో ఉందో, అడుగు బురదలో ఎంత దిగిందో తెలియాలి. దాన్నే నమ్ముకుంటే మోసపోతాం.

తాతాజీ: అసలు గుడ్డికొంగకి ఆ పేరు తగదు. దానికి కళ్ళు సుబ్బరంగా కనిపిస్తాయి. మనం దగ్గరికెళ్ళేదాకా కదలదు కాబట్టి గుడ్డిదన్నారు.

వేలచేరి బావ: అలా అంటే చింతవక్కకి చింతేంటి, తాతగారూ?

తాతాజీ: అది చింతచెట్టు నాయనా, దిగులు కాదు. మా ఊళ్ళో వాటి గూళ్ళన్నీ చింతచెట్ల మీదే.

పాత కెమెరా: ఎగిరినప్పుడు చూశారా?

సౌజన్య: చూశానుగా, అందుకే గందరగోళం. గోధుమ రంగుదనుకుంటే లేచేసరికి రెక్కలు తెల్లగా మెరిశాయి. ఇంకో పక్షేమో అనుకుని రాయలేదు.

రామలక్ష్మి: అయ్యో తల్లీ, అది ముందే చెప్పాల్సింది! గుడ్డికొంగే. కూర్చుంటే బురద రంగు, లేస్తే తెల్ల రెక్కలు. చింతవక్క పిల్లకి రెక్కలూ గోధుమ రంగే.

వేలచేరి బావ: సరే. కానీ క్యాన్ బురదలో దిగిందా లేదా?

సౌజన్య: గుర్తులేదు. థాంక్స్ అందరికీ.

శ్రీను: పావురాల సంగతి?