గూగుల్‌లో "దొంగలు" అని రివ్యూ పెట్టారు, జవాబు ఎలా రాయాలి?

మగ్గం లక్ష్మి: మాది రాజమండ్రిలో చిన్న బొటిక్. పెళ్లి బ్లౌజు గురించి ఒకావిడ ఒక్క స్టార్ ఇచ్చి "4,000 అని చెప్పి 6,500 గుంజారు, అన్న రోజుకి ఇవ్వలేదు, దొంగలు" అని రాశారు. ఒక రోజు లేటైన మాట నిజమే. ఆ 2,500 మాత్రం తర్వాత ఆవిడే వాట్సాప్‌లో చేతులకి కూడా వర్క్ కావాలన్నందుకు, రేటు చెప్తే సరే అన్నారు. "అబద్ధాలు రాయకండి మేడమ్, చాట్ అంతా ఉంది, స్క్రీన్‌షాట్లు పెట్టమంటారా?" అని రాసి పెట్టుకున్నా. పెట్టేయనా?

కాకినాడ శీను: జవాబెందుకక్కా, రిపోర్ట్ కొట్టు, తీసేస్తారు. మా సెల్ షాపు మీద ఎవడో బూతులు రాస్తే తీసేశారు.

రమణమూర్తి: బూతులు కాబట్టి తీశారు శీనూ. డబ్బు తగాదాలో ఎవరిది నిజమో గూగుల్ తేల్చదు. లక్ష్మిగారూ, మీ జవాబు ఆవిడ కంటే ఎక్కువగా చదివేది రేపు బ్లౌజు ఇద్దామని మీ షాపు వెతికే వాళ్లు, స్క్రీన్‌షాట్లు అనగానే రేపు నా చాట్ కూడా బయటపెడతారేమో అనుకుంటారు. నేనైతే ఇలా రాస్తా:

"నమస్తే అండీ. బ్లౌజు చెప్పిన రోజుకి ఇవ్వలేకపోయాం, మర్నాడు ఇచ్చాం. పెళ్లి పనుల్లో మిమ్మల్ని టెన్షన్ పెట్టినందుకు క్షమించండి. 4,000 మెడకి, వీపుకి చేసిన వర్క్‌ది. తర్వాత చేతులకి చేర్చిన వర్క్ 2,500, బిల్లులో విడిగా ఉంది. తేడా అనిపిస్తే షాపుకి ఫోన్ చేయండి, నేనే మాట్లాడతాను. లక్ష్మి, ఓనర్."

దొంగలు అన్న మాట ఎక్కడా ఎత్తలేదు చూడండి, ఎత్తితే గొడవ దాని మీదకే పోతుంది. బిల్లులో నిజంగా విడిగా ఉంటేనే ఆ ముక్క ఉంచండి.

పద్మజ: నేనూ మా టైలర్ మీద రాద్దామనుకుంటున్నా, లైనింగ్ అంతా ముడతలు. ఒక స్టార్ ఇవ్వాలా, రెండా?

కాకినాడ శీను: పద్మజగారూ, ఇక్కడ తిట్లు తిన్నవాళ్ల గోల నడుస్తోంది 😀

మగ్గం లక్ష్మి: బిల్లు మీద మొత్తం 6,500 అనే వేశాం. లేటుకి 500 వెనక్కిస్తా, రివ్యూ మార్చండి అని అక్కడే రాస్తే?

రమణమూర్తి: అయితే బిల్లు మాట తీసేసి "పని మొదలుపెట్టే ముందే రేటు మీకు చెప్పాం" అని పెట్టండి. డబ్బిచ్చి రివ్యూ మార్పించుకోవడం గూగుల్ రూల్స్‌కే విరుద్ధం. ఇవ్వాలనుకుంటే ఫోన్ చేసి ఇవ్వండి, స్టార్ల ఊసెత్తకండి.

పద్మజ: కస్టమర్‌గా చెప్తున్నా, "ముందే చెప్పాం" అంటే నన్ను అబద్ధాలకోరు అన్నట్టే ఉంటుంది. క్షమాపణ, ఫోన్ చేయమని ఒక మాట, అంతే చాలు.

రమణమూర్తి: అప్పుడు 2,500 గుంజారన్న మాటకి సమాధానమే ఉండదు కదండీ, చదివేవాళ్లు నిజమే అనుకుంటారు.

మగ్గం లక్ష్మి: "చెప్పాం" బదులు "మీతో మాట్లాడుకున్న రేటు" అంటే? ఇప్పటికి అలాగే పెడుతున్నా, బాగోకపోతే ఎడిట్ చేస్తా.